హాల్టింగ్ సమస్య – ప్రోగ్రాం కర్త బాధ్యత

అసాధ్యమని రుజువైన పనిని చేయనందుకు ఎవరినీ తప్పుపట్టరాదన్నది నీతిశాస్త్రంలో సాధారణంగా అంగీకరించే సూత్రం. ఆ సూత్రాన్ని ఆశ్రయించుకొని కంప్యూటర్ ప్రోగ్రాముల విషయంలో ఒక వాదం చేయవచ్చు. ఏ ప్రోగ్రాం ఎన్నటికీ ఆగకుండా తిరుగుతుందో ముందుగా చెప్పగల సార్వత్రిక సాధనం ఉండజాలదని ఆలన్ ట్యూరింగ్ 1936లోనే తేల్చాడు. కాబట్టి ఆగని ప్రోగ్రాం జనం చేతికి చేరితే అది ఎవరి దోషమూ కాదు అన్నది ఆ వాదం. ఇందులో హేతువు సత్యమే. దాని నుంచి తీసిన నిర్ణయం నిలుస్తుందా అన్నది ఇక్కడి విచారణాంశం.

జరిగిన ఒక ఘటనతో విచారణ ఆరంభించడం మేలు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2006లో ‘జ్యూన్’ అనే పాటల పరికరాన్ని విడుదల చేసింది. 2008 డిసెంబరు 31న దానిలోని ఒక రకానికి చెందిన పరికరాలు ఎక్కడికక్కడ బిగుసుకుపోయాయి. కారణం గడియారాన్ని నడిపే చిన్న ప్రోగ్రాంలో ఉంది. 1980 జనవరి 1 మొదలు గడచిన రోజుల సంఖ్యను తీసుకొని, అది ఏ సంవత్సరమో తేల్చడం దాని పని. అందులోని లూపు సారాంశం ఇది:

```
while (days > 365) {
    if (IsLeapYear(year)) {
        if (days > 366) {
            days -= 366;
            year += 1;
        }
    } else {
        days -= 365;
        year += 1;
    }
}
```

మిగిలిన రోజులు 365 కంటె ఎక్కువగా ఉన్నంతకాలం ఒక్కొక్క సంవత్సరాన్నే తీసివేస్తూ పోవాలి. ఆనాటి సంఖ్య 10,593. 1980 నుంచి 2007 వరకు గల ఇరవై ఎనిమిది సంవత్సరాలకు 10,227 రోజులు పోగా 366 మిగిలాయి. 2008 లీపు సంవత్సరం. 366 అనేది 365 కంటె ఎక్కువ కాబట్టి లూపు కొనసాగింది. 366 కంటె ఎక్కువ కాదు కాబట్టి తీసివేత జరగలేదు. ఏదీ మారలేదు గనుక అదే పరీక్ష మళ్లీ జరిగింది, మళ్లీ అదే ఫలితం వచ్చింది. బ్యాటరీ పూర్తిగా అయిపోనిచ్చి మరునాడు తిరిగి ఆన్ చేయమని సంస్థ వాడుకరులకు సూచించింది. మరునాటికి మిగిలే సంఖ్య 367 కనుక తీసివేత మామూలుగా జరిగిపోతుంది. ప్రతి నాలుగేళ్లలో 1,460 రోజులు నిర్దోషంగా నడిచి ఒక్కరోజు మాత్రం ఆగని ప్రోగ్రాం ఇది. ఆ ఒక్కరోజునూ లెక్కలోకి తీసుకోని పరీక్షలన్నిటిలోనూ ఇది నెగ్గుతుంది.

ఇటువంటి దోషాలన్నిటినీ పట్టే సాధనం ఎందుకు ఉండదో ఇప్పుడు చూడాలి. ‘పరీక్షకం’ అనే ప్రోగ్రాం ఒకటి ఉన్నదని అనుకుందాం. దానికి ఏ ప్రోగ్రాం పాఠాన్ని ఇచ్చినా, ఆ ప్రోగ్రాంకు అందించే దత్తాంశాన్ని ఇచ్చినా, అది ‘ఆగుతుంది’ అనో ‘ఆగదు’ అనో తప్పులేకుండా చెబుతుంది; తాను తప్పక ఆగుతుంది. దానిని లోపల ఇముడ్చుకొని ‘విలోమం’ అనే మరో ప్రోగ్రాం రాయవచ్చు. విలోమానికి ఒక ప్రోగ్రాం పాఠం ఇస్తే, ఆ ప్రోగ్రాంకు దాని పాఠాన్నే దత్తాంశంగా ఇస్తే ఏమవుతుందని అది పరీక్షకాన్ని అడుగుతుంది. ‘ఆగుతుంది’ అని జవాబు వస్తే విలోమం కావాలని అంతులేని లూపులో పడుతుంది. ‘ఆగదు’ అని వస్తే వెంటనే ఆగిపోతుంది. ఇక విలోమానికి విలోమం పాఠాన్నే ఇస్తే? పరీక్షకం ‘ఆగుతుంది’ అంటే అది ఆగదు. ‘ఆగదు’ అంటే అది ఆగుతుంది. ఏ జవాబు చెప్పినా తప్పే. విలోమం రాయడంలో పరీక్షకం తప్ప అసాధ్యమైనదేదీ వాడలేదు కనుక, లేనిది పరీక్షకమే.

తర్కశాస్త్రం తెలిసినవారికి ఇది ఆత్మాశ్రయ దోషంలా తోచవచ్చు. కాని ఇక్కడ ఏ పదమూ తనను తానే నిర్వచించుకోవడం లేదు. ప్రోగ్రాం అంటే రాత; ఏ రాతనైనా మరో ప్రోగ్రాంకు దత్తాంశంగా ఇవ్వవచ్చు. ఒక కంపైలరు తన పాఠాన్నే తాను అనువదించుకోవడం నిత్యం జరిగే పని. ట్యూరింగ్ మూలవ్యాసం ‘ఆగడం’ గురించి కాక, అంకెలను ఎడతెగక ముద్రించే యంత్రాల గురించి మాట్లాడుతుందనీ, ‘హాల్టింగ్’ అన్న పేరు తరువాతి వారిదనీ గుర్తుంచుకోవాలి. వాదం బలం మాత్రం అదే.

నిజమైన కంప్యూటరుకు జ్ఞాపకశక్తి పరిమితం కదా, స్థితులన్నిటినీ గమనిస్తూ పోతే ఒకే స్థితి రెండోసారి కనిపించగానే లూపు పట్టుబడుతుంది కదా అన్న ఆక్షేపం న్యాయమైనదే. అయితే కేవలం 300 బిట్ల జ్ఞాపకానికే సాధ్యమైన స్థితుల సంఖ్య రెండు పక్కన తొంభై సున్నాలంత ఉంటుంది. సూత్రరీత్యా ఉన్న మార్గం ఆచరణలో మూసుకుపోతుంది.

సిద్ధాంతం చెప్పినది ఇంతే: ప్రతి ప్రోగ్రామునూ పరీక్షించగల ప్రోగ్రాం ఒక్కటీ లేదు. పై వాదం దీనిని ‘ఏ ప్రోగ్రామునూ పరీక్షించలేము’ అని చదువుతుంది. తెలుగులో ‘ప్రతి’, ‘ఏ’ అన్న రెండు చిన్నమాటల తేడాయే ఇది. అపార్థమంతా అక్కడే ఉంది. జ్యూన్ లూపు ఎంత సులభంగా పరీక్షకు లొంగుతుందో ట్యూరింగే మరోచోట చూపిన పద్ధతితో తెలుస్తుంది. 1949లో కేంబ్రిడ్జిలో జరిగిన సదస్సులో, పెద్ద ప్రోగ్రామును సరిచూడడం ఎలా అన్న విషయమై ఆయన ఒక చిన్న పత్రం సమర్పించాడు. సరిచూసేవాని మీదే భారమంతా వేయకూడదని ఆయన అభిప్రాయం. ప్రోగ్రాం రాసినవాడే ఎక్కడెక్కడ ఏది నిజమో నిర్దిష్టంగా ప్రకటించాలి; ప్రోగ్రాం ఆగుతుందని చూపడానికి, అడుగడుగునా తగ్గుతూ చివరకు అంతమయ్యే ఒక పరిమాణాన్ని కూడా పేర్కొనాలి. సరిచూసేవాడు ఆ ప్రకటనలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే చాలు.

జ్యూన్ లూపులో ఆ పరిమాణం `days`. ప్రతి చుట్టులోనూ అది తగ్గుతుందని రాసిపెట్టి, మూడు దారులనూ పరిశీలిస్తే రెండింటిలో తగ్గుతుంది. లీపు సంవత్సరమై 366 మిగిలినప్పటి మూడో దారిలో తగ్గదు. దీనికి డిసెంబరు 31 కోసం ఎదురుచూడనక్కరలేదు, యంత్రం కూడా అక్కరలేదు. కాగితం మీద తేలుతుంది. అందువల్ల 1936 నాటి ఫలితం ఆ దోషానికి సాకు కాలేదు. సార్వత్రిక పరీక్షకం లేకపోవడం వల్లనే రుజువును సమకూర్చే భారం రాసినవాని వద్దకు చేరుతుంది. పరీక్షకం ఉండివుంటే ఆ భారం కొంత తగ్గేదేమో!

రాసినవానికి కూడా రుజువు అందని చోటు ఉంది. ఒక సంఖ్య సరిసంఖ్య అయితే సగం చేయి, బేసి అయితే మూడింతలు చేసి ఒకటి కలుపు, ఒకటి వచ్చినప్పుడు ఆగు అన్న నియమాన్ని లోథార్ కొలాట్జ్ పేరుతో పిలుస్తారు. 27తో మొదలుపెడితే 9,232 దాకా ఎగసి, 111 అడుగుల తరువాత ఒకటికి దిగుతుంది. ప్రతి సంఖ్యకూ ఇది ఆగుతుందా అన్నది నేటికీ తేలలేదు. తగ్గే పరిమాణాన్ని ఎవరూ చూపలేదు. ఇటువంటి లూపును ఒక పరికరంలో ఉంచవలసివస్తే, ఇన్ని అడుగుల తరువాత ఆపివేయమని పరిమితి పెట్టవచ్చు. అప్పుడు తగ్గే పరిమాణం దొరుకుతుంది: మిగిలిన అడుగుల సంఖ్య. ప్రోగ్రాం తప్పక ఆగుతుంది. పరిమితి దాటి ఆగినప్పుడు మాత్రం అది ‘ఈ సంఖ్య ఒకటికి చేరదు’ అని ముద్రించకూడదు. ‘ఇన్ని అడుగులలో చేరలేదు’ అని ముద్రించాలి. ఆ రెండో వాక్యాన్ని రాయడం ప్రోగ్రాం కర్త చేతిలోనే ఉంది.