మసక ఎవరిది?

హైదరాబాదు శివార్లలోని ఒక ఇంజెక్షన్ల కర్మాగారంలో చాలా ఏళ్లుగా స్టెరిలిటీ పరీక్షలు చేస్తున్నాను. ఇన్నేళ్లలో రికార్డులో ఒక అంకె దిద్దలేదు, తేదీ మార్చలేదు, చూడని రోజును చూసినట్టు రాయలేదు. అందుకని నిజాయితీపరుణ్ణని లోలోపల కొంత గర్వం ఉండేది. ఒక ప్రొపోఫాల్ బ్యాచ్ దగ్గర రెండుసార్లు అబద్ధం అంచుదాకా వెళ్లాను. మొదటిసారి నా కళ్లతో, రెండోసారి నా జ్ఞాపకంతో. విచిత్రం ఏమిటంటే, ఆ రెండో అబద్ధం చూసేవాళ్లకు తప్పు ఒప్పుకోవడంలా కనిపించేది.

ప్రొపోఫాల్ మత్తుమందు. పాలలా తెల్లగా ఉంటుంది. సోయా నూనెను గుడ్డు లెసిథిన్‌తో నీళ్లలో కలిపిన ఎమల్షన్ అది. సూక్ష్మజీవికి అందులో తిండికి లోటు లేదు. 1990ల మొదట్లో అమెరికాలో కొన్ని ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స తర్వాత రోగులకు ఇన్ఫెక్షన్లు వస్తే, ఆరా తీసినవాళ్లకు చివరికి దొరికింది ఈ మందే. తయారీలో లోపం కాదు. ఆసుపత్రిలో తెరిచి, సిరంజిలోకి తీసి, వాడకుండా ఉంచినప్పుడు చేరిన క్రిములు అందులో పెరిగాయి. ఈ సంగతి కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ నేనే చెప్పేవాణ్ణి. బాగా చెబుతానని పేరు కూడా.

పరీక్ష ఇలా సాగుతుంది. బ్యాచ్ నుంచి 20 వయళ్లు తీస్తాం. పాలిసోర్బేట్ కలిసిన ద్రవంలో మందును పలచన చేసి, పంపు సాయంతో రెండు మూసిన క్యానిస్టర్లలోకి సమంగా పంపుతాం. ప్రతి క్యానిస్టర్ అడుగునా 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న పొర ఉంటుంది. మందు దాటిపోతుంది, సూక్ష్మజీవి ఉంటే పొర మీద ఆగిపోతుంది. తర్వాత 100 మి.లీ. చొప్పున పొరను కడుగుతాం. ఎంత కడిగితే అంత మంచిదని కాదు, ఐదుసార్లకు మించకూడదు. మందుతో పాటు ఆగిన జీవికీ దెబ్బ తగలొచ్చు. చివరికి ఒక క్యానిస్టర్‌లో థయోగ్లైకోలేట్ మీడియం, రెండోదాంట్లో సోయా-కేసిన్ మీడియం నింపి, మొదటిదాన్ని 30–35 డిగ్రీల్లో, రెండోదాన్ని 20–25 డిగ్రీల్లో 14 రోజులు ఉంచుతాం. మీడియం తేటగా ఉంటే పాస్, మసకబారితే గొడవ.

మామూలు మందులకు ఈ చివరి వాక్యం చాలు. ఎమల్షన్‌కు చాలదు. ఎంత కడిగినా పొరకు కొంత నూనె అంటుకునే ఉంటుంది. మీడియం పోసిన క్షణం నుంచే ఒక పలుచని తెలుపు, బియ్యం కడిగిన నీళ్ల మూడో కడుగులా. అది మందు మసక. క్రిమి పెరిగితే వచ్చేదీ మసకే. రెండింటినీ వేరు చేయగలిగేది కాలం ఒక్కటే. మందు మసక మొదటి రోజు ఎంతుందో పద్నాలుగో రోజూ అంతే ఉంటుంది. పెరుగుదల మసక పెరుగుతుంది. కాబట్టి ఈ మందుకు అన్నిటికన్నా విలువైన రీడింగు మొదటి రోజుది, అంటే ఇంకా ఏమీ పెరిగే వీలు లేనప్పటిది.

నేను ఆ రీడింగు రాయలేదు. రాసే గడి ఉంది, అందులో రెండే మాటలు రాశాను: ‘మందు మసక.’ ఎంత మసకో రాయలేదు, పోల్చుకోవడానికి పక్కన ఏమీ పెట్టుకోలేదు. ఎందుకని నన్ను నేను అడిగితే తొందర అని చెప్పుకున్నాను. నిజానికి అది తొందర కాదు. ఈ మందును ఎన్నోసార్లు చూశానన్న ధీమా. నాకు తెలుసుగా, ఇంక కొలవడం ఎందుకు అన్న తీరు.

పన్నెండో రోజు సోయా-కేసిన్ క్యానిస్టర్ కొంచెం చిక్కగా అనిపించింది. దీపం ముందు పట్టుకుని నల్ల అట్ట అడ్డుపెట్టి, మెల్లగా తిప్పాను. అడుగు నుంచి సన్నని పొగతీగలాంటిది లేచి కలిసిపోయింది. మనసులో మొదట మెదిలిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: నూనె. ఆ మాట చూపు కన్నా ముందే వచ్చింది. మళ్లీ ‘మందు మసక’ అని రాశాను.

పక్కన రెండో సంతకం పెట్టాల్సిన అమ్మాయి కొత్తగా చేరింది. క్యానిస్టర్‌ను నాకన్నా ఎక్కువసేపు చూసి, “సర్, మొదటి రోజు కూడా ఇంతే ఉందా?” అంది. “ఈ మందు ఎప్పుడూ అంతేనమ్మా” అన్నాను. ఆ జవాబు ఆమె ప్రశ్నకు జవాబు కాదని మాట నోరు దాటుతుండగానే తెలిసింది. ఆమె అడిగింది ఈ క్యానిస్టర్ గురించి, నేను చెప్పింది నా అనుభవం గురించి. నాకు కోపం వచ్చింది. ఆమె తప్పు అడిగినందుకు కాదు, సరిగ్గా అడిగినందుకు.

ఆ రాత్రి నన్ను కుదిపింది మాత్రం ఆమె ప్రశ్న కాదు, అదే వారం నేను చేసిన మరో రీడింగు. కొత్తగా చేసిన ప్రతి మీడియంలోనూ క్రిములు పెరుగుతాయో లేదో ముందే చూసుకోవాలి. వందకు మించని జీవులను కావాలనే వేస్తే, బ్యాక్టీరియా అయితే మూడు రోజుల్లో, ఫంగస్ అయితే ఐదు రోజుల్లో స్పష్టంగా పెరగాలి. ఈ పరీక్ష తప్పితే ఆ మీడియంలో కనిపించిన తేటకు అర్థం ఉండదు. తిండి లేని ఇంట్లో చీమలు లేవని మురిసినట్టు. ఆ వారం కాండిడా వేసిన సీసాలో రెండో రోజే అడుగున చిన్న తెల్లని మేట కనిపించింది. తిప్పితే పొగతీగలా లేచింది. ఏ సందేహమూ లేకుండా ‘పెరుగుదల ఉంది’ అని రాశాను.

అవే కళ్లు, అదే దీపం, ఇంచుమించు అలాంటి పొగతీగే. ఒకచోట పెరుగుదల కావాలి కాబట్టి వెంటనే కనిపించింది. మరోచోట వద్దు కాబట్టి నూనె అయింది. మసకను చదవడం నేర్చుకున్నాననుకున్నాను. నేను చదువుతున్నది నాకేం కావాలో అదే.

దీనికి నియమం ఒక దారి చూపిస్తుంది. మందు వల్ల మీడియం మసకబారి కంటితో తేల్చలేకపోతే, పద్నాలుగో రోజు దాన్నుంచి కనీసం 1 మి.లీ. తీసి అదే రకం తాజా మీడియంలో వేసి, పాతదాన్నీ కొత్తదాన్నీ కనీసం మరో నాలుగు రోజులు చూడాలి. ఇందులో తెలివి ఉంది. 100 మి.లీ. తాజా మీడియంలో 1 మి.లీ. కలిస్తే నూనె మసక దాదాపు నూరో వంతుకు పడిపోయి, ఇక కంటికి ఆనదు. నూనె పలచబడుతుంది, జీవి పలచబడినా మళ్లీ పెరుగుతుంది. ఆ బదిలీ నా చేతులతోనే చేశాను. చేస్తూ ఒక లెక్కతో నన్ను నేను ఊరడించుకున్నాను. నూటికి ఒక వయల్ చెడిన బ్యాచ్‌ను 20 వయళ్లతో పట్టుకునే అవకాశం 18 శాతమే. ఈ పరీక్ష ఎలాగూ జల్లెడ కాదు కదా అని. లెక్క సరైనదే. దాన్ని అప్పుడు గుర్తు చేసుకోవడంలో ఉంది కపటం. 18 శాతమే పట్టుకునే పరీక్ష ఏదైనా పట్టుకుందంటే భయపడాలి కానీ, తేలిగ్గా తీసుకోవడమేమిటి?

మూడో రోజుకు తాజా మీడియం మసకబారింది. ఈసారి నూనె అనడానికి నోరు రాలేదు. గ్రామ్ రంగు వేసి చూస్తే గుత్తులు గుత్తులుగా ఊదారంగు గుండ్రని కణాలు. గుర్తింపులో స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అని వచ్చింది. మనిషి చర్మం మీద కాపురముండేది. నా చేతి మీద కూడా.

ఇక్కడే రెండో అబద్ధం ఎదురైంది. ఈ మందు వయల్‌లోనే ఆటోక్లేవ్ అవుతుంది. ఇలాంటి చర్మపు క్రిమి ఆ వేడికి బతకదు. కాబట్టి అది పరీక్షలో, నా చేతి నుంచే వచ్చి ఉంటుందని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. కానీ అనుకోవడం చాలదు. ల్యాబ్‌లో తప్పు జరిగిందని నిస్సందేహంగా చూపిస్తేనే పరీక్ష చెల్లదని కొట్టేసి, మళ్లీ చేయనిస్తారు. మందు లేకుండా నడిపిన నెగటివ్ కంట్రోల్ తేటగానే ఉంది. ఆ రోజు గాలి ప్లేట్లలో ఏమీ లేదు. నా గ్లౌజు వేళ్లు అద్దిన ప్లేట్లలోనూ ఏమీ లేదు. క్యూఏ పెద్దాయన ఎదురుగా కూర్చుని చాలా నెమ్మదిగా అడిగారు: “సూది దేనికైనా తగిలిందేమో ఒకసారి గుర్తు చేసుకోండి.”

గుర్తు చేసుకున్నాను. చేసుకుంటుంటే నిజంగానే ఏదో రాసాగింది. పన్నెండో వయల్ దగ్గర ఎడమ చూపుడు వేలు సూది మెడకు తాకినట్టు. ఆ చల్లదనం కూడా వేలికి తెలిసినట్టు. కాసేపటికి అది ఊహలా కాక, నిజంగా జరిగినదాని గుర్తులా గట్టిపడింది. “అవునండీ, తగిలి ఉండొచ్చు” అంటే చాలు. బ్యాచ్‌కు మరో అవకాశం దొరుకుతుంది, నేను నిజాయితీగా తప్పు ఒప్పుకున్న మంచివాణ్ణవుతాను. తప్పు ఒప్పుకోవడంలో ఇంత సుఖం ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

“గుర్తు లేదండీ. తగిలినట్టు ఆ రోజు రాయలేదు” అన్నాను.

తయారీ వైపు విచారణలో ఆటోక్లేవ్ రికార్డులు బాగానే ఉన్నాయి. చల్లబరిచేటప్పుడు ఏదైనా వయల్ మూత కొంచెం లీకైందా అన్నది తేలలేదు. నా వేలు కారణమని ఎవరూ చూపలేకపోయారు. కారణం కాదనీ చూపలేకపోయారు. బ్యాచ్ తిరస్కరణకు పోయింది.

తర్వాత ఆ అమ్మాయి నాతో, “మీరు నిజం చెప్పారు సర్” అంది. ఆ మాట పుచ్చుకోవాలనిపించింది, పుచ్చుకోలేకపోయాను. ఎందుకంటే ఆ గదిలో నోరు తెరిచే ముందు నా తలలో మెదిలిన సంగతి ఇంకొకటుంది. తగిలిందని ఒప్పుకుంటే నా పేరు మీద డీవియేషన్ పడుతుంది. మళ్లీ శిక్షణ. కొత్తవాళ్లతో కలిసి ఆ బెంచీలో కూర్చోవాలి. పన్నెండో రోజున ఏం రాశానో, మొదటి రోజు గడిలో ఏం రాయలేదో తవ్వుతారు. నేను ‘గుర్తు లేదు’ అన్నది నిజానికి కట్టుబడా, ఈ తవ్వకానికి భయపడా? పొగతీగను చూసినప్పటిలాగే, దీన్నీ ఎంతసేపు తిప్పి చూసినా తేలడం లేదు.

ఇప్పుడు ప్రొపోఫాల్ వస్తే మొదటి రోజున, క్యానిస్టర్ వెనక అచ్చు గీతలున్న కాగితం పెట్టి, ఏ గీత దాకా కనబడుతోందో రాస్తున్నాను. ఆ అమ్మాయి పక్కన నిలబడి తన అంకె తాను వేరుగా రాస్తుంది. నాది చూడకుండా రాయమని నేనే చెప్పాను. మొన్న మా ఇద్దరి అంకెలూ ఒక గీత తేడా వచ్చాయి. నాది తేట వైపుంది.