చెవి ముందు, అక్షరం వెనుక

అమ్మడూ,

ఇంగ్లిష్ సీరియల్‌ని సబ్‌టైటిల్స్ లేకుండా చూద్దామని కూర్చున్నావట. పది నిమిషాలకే ఏమీ అందక మళ్లీ పెట్టేసుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఇంకొన్నాళ్లలో అమెరికాలో క్లాసులో కూర్చోవాల్సినదానివి, కంగారు పడటంలో తప్పు లేదు. కానీ తల్లీ, అన్నీ ఒక్కసారిగా తీసేస్తే ఎవరికైనా అంతే. విడతలవారీగా తియ్యాలి. ఎలాగో చెబుతాను, విను.

ముందు ఒక సంగతి గమనించు. సబ్‌టైటిల్ పెట్టుకుని హాస్య సీరియల్ చూస్తున్నప్పుడు, నటుడు మాట పూర్తి చెయ్యకముందే నీకు నవ్వు వచ్చేస్తుంది. అంటే నువ్వు జోకు విన్లేదు, చదివావు. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో ప్రేక్షకుల కంటి కదలికలు కొలిచి చూశారు. సబ్‌టైటిల్ అవసరం లేనివాళ్ల కన్ను కూడా దాని మీదికే పోతోందని తేలింది. కాబట్టి ‘చదవను, ఊరికే ఉండనిస్తాను’ అనుకుంటే కుదరదు. అక్షరం తెర మీద ఉంటే కన్ను చదివి తీరుతుంది.

అందుకని మొదటి విడతలో తెలుగు సబ్‌టైటిల్స్ మానేసి ఇంగ్లిష్‌వి పెట్టుకో. 2009లో హోల్గర్ మిటెరర్, జేమ్స్ మెక్వీన్ అనే పరిశోధకులు డచ్చి వాళ్లకు వాళ్లెరగని యాసల ఇంగ్లిష్ చూపించారు, ఒకటి స్కాట్లండ్ యాస, ఒకటి ఆస్ట్రేలియా యాస. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూసినవాళ్ల చెవి ఆ యాసకు అలవాటు పడింది. డచ్చి సబ్‌టైటిల్స్‌తో చూసినవాళ్లు అప్పటికే విన్న మాటల్ని పోల్చుకోగలిగినా, ఆ యాసలోని కొత్త మాటల దగ్గర అవి వాళ్లకు అడ్డమయ్యాయి. సొంత భాషలో రాసిన మాట కథ చెబుతుందే గానీ, వినబడ్డ శబ్దం ఏ మాటదో చెప్పదు.

ఏం చూడాలంటే, ‘ఫ్రెండ్స్’ లాంటిది నీకు సరిగ్గా సరిపోతుంది. ఒక్కో ఎపిసోడ్ 22 నిమిషాలు, పది సీజన్లూ అవే ఆరు గొంతులు. గొంతులు మారకపోతే చెవికి సగం శ్రమ తగ్గుతుంది. గొణిగే డిటెక్టివ్ కథలూ, పేలుళ్ల సినిమాలూ ఇప్పుడొద్దు. వాటికి ఇంగ్లిష్ పుట్టుభాష అయినవాళ్లే సబ్‌టైటిల్స్ పెట్టుకుంటుంటారు.

రెండో విడత అసలైనది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో ఒకసారి చూసేసిన ఎపిసోడ్‌ని రెండు రోజులు పక్కన పెట్టు. తర్వాత అందులో రెండు నిమిషాల సీను ఒకటి తీసుకుని, సబ్‌టైటిల్ ఆపేసి రెండుసార్లు విను. వినబడింది వినబడ్డట్టు నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాయి. అందని చోట ఖాళీ వదులు, ఊహించి నింపకు. అప్పుడు సబ్‌టైటిల్ పెట్టి పోల్చుకో.

ఉదాహరణకు నీ పుస్తకంలో ‘వాచ గనా డూ అబౌడిట్’ అని ఉందనుకో. తెర మీద చూస్తే ‘వాట్ ఆర్ యు గోయింగ్ టు డూ అబౌట్ ఇట్’ అని ఉంటుంది. ఆ ఎనిమిది మాటల్లో నీకు రానిది ఒక్కటీ లేదు. మరి ఎందుకు అందలేదు? ‘వాట్ ఆర్ యు’ మూడూ కలిసి ‘వాచ’ అయ్యాయి. ‘గోయింగ్ టు’ కాస్తా ‘గనా’ అయింది. ‘అబౌట్ ఇట్’లో రెండు అచ్చుల నడుమ పడిన ‘ట’, అమెరికా వాళ్ల నోట ‘డ’లాగా దొర్లిపోయింది. మనం ప్రతి అక్షరాన్నీ పూర్తిగా పలికే అలవాటులో పెరిగాం కాబట్టి, చెవి కూడా ప్రతి మాటా పూర్తిగా వస్తుందని ఎదురుచూస్తుంది. వాళ్లేమో వాక్యంలో బరువున్న ఒకటి రెండు మాటల్ని నొక్కి, మిగతావి నలిపేస్తారు.

ఇంకొకటి మరీ జాగ్రత్తగా వినాలి. ‘ఐ కెన్ గో’ అన్నప్పుడు వాళ్ల ‘కెన్’ దాదాపు ‘కన్’ అని చిన్నదైపోతుంది. ‘కాన్ట్’ అయితే ‘క్యాన్’ అని అచ్చు నిండుగా పలుకుతుంది, చివరి ‘ట్’ వినబడీ వినబడనట్టు ఉంటుంది. మనం ‘ట్’ కోసం చూస్తూ కూర్చుంటే, రానన్నవాణ్ణి వస్తానన్నాడనుకుంటాం. అక్కడ వినాల్సింది అచ్చుని.

పోల్చాక ప్రతి ఖాళీ పక్కనా గుర్తు పెట్టు. అసలు తెలియని కొత్త మాటైతే ‘కొ’ అని రాసుకుని అర్థం చూసుకో, దానికి చెవితో పని లేదు. తెలిసిన మాటే శబ్దం మారి అందకపోతే ‘శ’ అని పెట్టి, ఆ ముక్కని అక్షరాలు చూడకుండా అందేదాకా విను, ఆ నటుడి వేగంతో నువ్వూ పలుకు. నోటికి అలవాటైన నలుగుడు చెవికి త్వరగా దొరుకుతుంది. నీ పుస్తకంలో ‘శ’లే ఎక్కువుంటాయని నా నమ్మకం. ఒక్కోసారి సబ్‌టైటిల్లోనే మాటలు తక్కువుంటాయి, చదివే వేగానికి సరిపడేలా కుదిస్తారు కాబట్టి. నీకు అదనంగా ఏదైనా స్పష్టంగా వినబడితే నీ చెవినే నమ్ము.

మూడో విడతలో అక్షరాలు ఉంటాయి గానీ ఆలస్యంగా వస్తాయి. నీ దగ్గరున్న ఫైలుని VLC లో పెట్టి H నొక్కుతూ పోతే సబ్‌టైటిల్ వెనక్కి జరుగుతుంది, G నొక్కితే ముందుకొస్తుంది. ఆలస్యం ఎంతో తెర మీదే మిల్లీసెకన్లలో కనబడుతుంది. 2000 దగ్గర ఆపు. అప్పుడు ప్రతి మాటా ముందు చెవికి వస్తుంది, రెండు సెకన్ల తర్వాత కంటికి వచ్చి, విన్నది సరైందో కాదో తేలుస్తుంది. కింద వచ్చేది నీకు ముందే తెలిసిపోయి, అక్షరాలు చికాకు పుట్టించడం మొదలుపెట్టాయంటే ఈ విడత పూర్తయినట్టే.

నాలుగోది, అదే సీరియల్లో నువ్వు ఎన్నడూ చూడని ఎపిసోడ్, సబ్‌టైటిల్ లేకుండా. చూసిందైతే పనికిరాదు తల్లీ. నటుడు అనబోయేది నీకు ముందే గుర్తొస్తుంటే అది వినడం కాదు, జ్ఞాపకం. చూశాక మీ అమ్మకు ఆ కథ తెలుగులో చెప్పు, ఎవరు ఏం కోరారు, ఎవరు కాదన్నారు, ఎందుకు. కథ నిలబడితే కొన్ని మాటలు జారిపోయినా ఫరవాలేదు, అందని ఆ రెండు మూడు చోట్లకు మాత్రమే సబ్‌టైటిల్ పెట్టి చూసుకో. కథే తారుమారైతే మూడో విడతకి వెళ్లి ఇంకో వారం ఉండు. నాలుగోదానిలో కుదురుకున్నాక సీరియల్ మార్చు. కొత్త గొంతులతో మొదట్లో తడబడతావు, అప్పుడు రెండో విడత నుంచి మళ్లీ మొదలుపెట్టు. ఈసారి త్వరగా అయిపోతుంది, ఎందుకంటే ‘గనా’లూ ‘అబౌడిట్’లూ అందరి నోటా ఒకటే.

రోజుకి అరగంట చాలు, అందులో సగం ఆ రెండు నిమిషాల సీనుకే పోవాలి. చెవి అలిసిపోయాక ఎంత విన్నా గాలికే.

ఇంత చేసినా అక్కడి క్లాసులో కొన్ని మాటలు జారిపోతాయి. అప్పుడు ‘నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి’ అనకు, మొత్తం మొదటికొస్తుంది. ‘గడువు శుక్రవారం అన్నారు, దాని తర్వాత ఏమన్నారు?’ అని అడుగు. ఖాళీలు వదిలి రాసే అలవాటున్నదానివి కదా, ఎక్కడ జారిందో నీకు తెలుస్తుంది. అలా అడిగితే ఎవరైనా ఆ ఒక్క ముక్కా విసుక్కోకుండా చెబుతారు.

మీ పెదనాన్న