తన పాట మీద తనే పాడినవాడు

నలుగురిలో పరువు పోయిన క్షణం పదే పదే కళ్ల ముందు తిరుగుతుందంటాం. ఆ దృశ్యంలో మనం కూడా కనిపిస్తాం. ఎర్రబడ్డ మన ముఖం, వణికిన చెయ్యి, చుట్టూ నవ్వుతున్న జనం, అన్నీ ఎవరో ఎదుట నిలబడి చూసినట్టే ఉంటాయి. కానీ ఆ రోజు మన కళ్లు మన ముఖానికే ఉన్నాయి. మన ముఖాన్ని మనం చూడనే లేదు. మరి ఈ బొమ్మ ఎక్కణ్నుంచి వచ్చింది?

మా మేనల్లుడి గొడవ వినేదాకా నాకు ఈ సందేహం రాలేదు. వాడు అనకాపల్లిలో, బెల్లం కొని పై ఊళ్లకు పంపే ఒక వర్తకుడి దగ్గర కొత్తగా చేరాడు. మార్కెట్ యార్డులో దిమ్మలు వరసగా పేర్చి ఉంటాయి. పాటగాళ్లు ఒక్కో లాటు దగ్గర ఆగి, రంగూ గట్టిదనం చూసి ధర పాడి ముందుకు కదులుతారు. మొదటిసారి ఒంటరిగా పాడడానికి వెళ్లినరోజు వీడు ఒక ధర చెప్పాడు. ఎవరూ పోటీకి రాలేదు. ఆ నిశ్శబ్దానికి కంగారుపడి మరో ఇరవై రూపాయలు తనే పెంచాడు. తన పాట మీద తనే పాడాడన్నమాట. "ఎవరితోరా పోటీ, నీతో నీకేనా?" అని ఎవరో అన్నారు. రైతులు, వర్తకులు, కొలగార్లు అందరూ నవ్వారు. పెంచిన ధరను ఎవరూ పట్టించుకోలేదు, పాట పక్క లాటుకు వెళ్లిపోయింది.

వాడు మాత్రం వెళ్లలేదు. మర్నాడు జ్వరమని ఇంట్లో ఉండిపోయాడు. "కళ్లు మూస్తే సాలు మావయ్యా, అందరూ నన్నే సూసి నవ్వుతున్నట్టుంటాది" అన్నాడు.

"ఎవరెవరు నవ్వార్రా?" అని అడిగాను. "అందరూ" అన్నాడు. పేర్లు చెప్పమంటే ఇద్దరి దగ్గర ఆగిపోయాడు. నవ్వు ఎంతసేపు ఉందంటే చెప్పలేకపోయాడు. పక్క లాటు ఎంతకు పోయిందంటే అసలే తెలియదన్నాడు. ధరలు గుర్తుపెట్టుకోవడమే వాడి ఉద్యోగం. అంటే ఆ కాసేపూ వాడు యార్డులో ఉండి కూడా యార్డును చూడలేదు. మనసంతా చెవుల్లో పుట్టిన వేడి మీద, దడదడలాడే గుండె మీద ఉంది. చూడనిదాన్ని తర్వాత రాత్రుళ్లు కూర్చుని కట్టుకున్నాడు.

మనస్తత్వ శాస్త్రం చెప్పేదీ దాదాపు ఇదే. కొన్ని జ్ఞాపకాల్లో మనం మన కళ్లతో చూస్తామనీ, కొన్నింటిలో బయటివాళ్లు చూసినట్టు మనల్ని మనమే చూసుకుంటామనీ 1983లో నీగ్రో, నైసర్ అనే పరిశోధకులు రాశారు. జనం ముందు బెదిరేవాళ్ల గురించి 1995లో క్లార్క్, వెల్స్ ఇంకో అడుగు ముందుకేశారు. లోపల కలిగే వేడినీ వణుకునూ ముడిసరుకుగా చేసుకుని, బయటికి ఎలా కనిపించి ఉంటామో మనసే ఒక బొమ్మ గీస్తుందన్నారు. లోపల ఎంత మంట ఉంటే బొమ్మలో ముఖం అంత ఎర్రగా ఉంటుంది. తర్వాత ఒంటరిగా కూర్చుని చేసే పోస్టుమార్టంలో ఆ బొమ్మే సాక్ష్యమైపోతుంది. ఎన్నిసార్లు చూసినా కొత్త సంగతి ఒక్కటీ దొరకదు. చూసిన ప్రతిసారీ నమ్మకం మాత్రం పెరుగుతుంది.

ఇలాంటివాళ్లకు మనం వెంటనే చెప్పే ఓదార్పు ఒకటుంది: "ఎవరూ చూడలేదులే." ఇది సగమే నిజం. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో గిలోవిచ్, ఆయన సహచరులు చేసి 2000లో ప్రచురించిన ప్రయోగం ఒకటి ప్రసిద్ధం. వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి విద్యార్థుల్ని కొంతమంది ఉన్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గుర్తించి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజానికి గుర్తించింది నాలుగో వంతు. మనం అనుకున్నదాంట్లో సగం మందే చూస్తారు, బాగానే ఉంది. కానీ ఆ నాలుగో వంతు మంది చూశారు కదా! మా వాడి విషయంలోనైతే అక్కడున్నవాళ్లంతా విన్నారు. ఎవరూ చూడలేదంటే వాడు నమ్మడు, నమ్మకూడదు కూడా.

అడగాల్సింది చూశారా లేదా అని కాదు, చూసినదానికి ఎంత తూకం వేశారని. పొరపాటు చేసినవాడికి ఆ రోజంతా ఆ పొరపాటే. చూసినవాడికి అది ఆ ఉదయం చూసిన ఎన్నో లాట్లలో ఒకటి, నాలుగు మాటల్లో ఒకటి. వాడికి తన బండి ఉంది, తన అప్పు ఉంది. ఇంటికెళ్లి భార్యతో చెప్పుకుని ఇంకోసారి నవ్వుకుంటాడేమో, అంతటితో సరి. తీర్పు చెప్పాలని ఎవరూ కూర్చోలేదు. అందరూ నా గురించే ఆలోచిస్తున్నారనే బాధలో, ఒప్పుకోవడానికి కష్టమే గానీ, కొంచెం గొప్ప కూడా దాగి ఉంటుంది.

అలాగని సిగ్గును పూర్తిగా వదిలేసుకోవడం మందు కాదు. ఈ జిల్లాలోని ఎస్. రాయవరంలో పుట్టిన గురజాడ, గిరీశాన్ని సృష్టించి ఈ సంగతి ఎప్పుడో తేల్చారు. 'కన్యాశుల్కం'లో గిరీశం మంచం కింద దాక్కుంటాడు, పూటకూళ్లమ్మ చీపురుకట్టతో వస్తుంది. అంత జరిగాక కూడా వాడు ఇంకో ఊరు వెళ్లి అదే నోటితో ఇంకో ఇంట్లో పాగా వేస్తాడు. జరిగినదాన్ని ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూసుకోడు. అందుకే మారడు. ఒకసారి చూసుకోవాలి. ఆ చూపు చివర చెయ్యాల్సిన పని ఏదో తేలితే అది పరిశీలన. ఏమీ తేలక మొదటికే వస్తే అది వట్టి తిప్పడం. మా వాడికి తేలిన పని చాలా చిన్నది: ధర పాడాక నోరు మూసుకుని ఆగడం.

నాలుగు రోజులకు యార్డుకు వెళ్లాడు. అయితే స్తంభం వెనక నిలబడి, తల దించుకుని, గొంతు బాగా తగ్గించి పాడాడట. "ఎవడ్రా అది, గట్టిగా పాడు" అని అందరూ వాడివైపే తిరిగారు. దాక్కోవడానికి వేసిన ఎత్తే వాణ్ని పట్టిచ్చింది. ఒక పాత వర్తకుడు పక్కకు పిలిచి, "మనుషుల్ని సూడకు, దిమ్మని సూడు" అన్నాడట. రంగు చూడు, వేలితో నొక్కి చెమ్మ చూడు, ధర దానంతటదే నోటికొస్తుందని. ఈ భయానికి క్లార్క్ రూపొందించిన చికిత్సలో ఉన్నదీ ఇదే: దాక్కునే ఎత్తుల్ని మానెయ్యడం, చూపును లోపలి నుంచి ఎదుటి పని మీదకు మళ్లించడం. ధైర్యం వచ్చాక వెళ్దామని కూర్చుంటే రాదు. పనిలో చూపు నిలిచిన కొద్దీ వస్తుంది. "ఇయ్యాల ఎవరి మీద పాడతావురా?" అని తర్వాత ఎవరో అంటే, "నా మీద తప్ప" అన్నాడట మా వాడు. అప్పుడూ నవ్వారు. ఈసారి వాడూ కలిశాడు.

ఇది అన్ని గాయాలకూ పనికొచ్చే మాట కాదు. కావాలని ఒకరు కులం పేరుతోనో, పేదరికాన్ని ఎత్తిచూపో పదిమందిలో కించపరిస్తే అది మన తడబాటు కాదు, అవతలివాడి నేరం. అక్కడ సర్దుకోవాల్సింది మన చూపు కాదు. అలాగే జనం ముందుకు వెళ్లాలంటే భయం నెలల తరబడి పట్టుకుని చదువునూ ఉద్యోగాన్నీ మాన్పిస్తుంటే, ఇలాంటి వ్యాసాలు చదువుతూ కూర్చోవద్దు. టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు.

మిగిలినవాళ్లం ఈ రాత్రి ఆ బొమ్మ మళ్లీ తిరిగినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఆ తర్వాతి లాటు ఎంతకు పోయింది? జవాబు తెలియకపోతే మన దగ్గరున్నది సాక్ష్యం కాదు, మనం గీసుకున్నదే. దాన్ని నమ్మి మర్నాటి పని మానుకోవద్దు.