ఏం లేదులే, ఊరికే చేశా

అమ్మ ఫోన్ చేసి ‘ఏం లేదులే, ఊరికే చేశా’ అందంటే ఏదో ఉన్నట్టే. తిన్నావా, ఏం కూర, అక్కడ వానలు పడుతున్నాయా అని అడుగుతుంది. ఆ తర్వాత కాసేపు మాట ఉండదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా జీతం సగం ఆ నిశ్శబ్దంలోనే ఖర్చయింది. ఆమె నోరు తెరిచి అడిగింది తక్కువ. అడగకముందే ‘ఎంత కావాలమ్మా’ అనేసేవాణ్ణి. అది ప్రేమే అనుకున్నాను. ప్రేమ లేకపోలేదు గాని, ఆ నిశ్శబ్దాన్ని తట్టుకోలేక ఇచ్చిందే ఎక్కువ.

మాది పల్నాడు. నాన్న కౌలుకి పత్తి, మిరప వేసేవాడు. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేను. 2008లో ఇంజనీరింగ్‌లో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో పోయింది. హాస్టలుకీ బస్సుకీ పుస్తకాలకీ నాన్న నోటు రాసి అప్పు తెచ్చాడు. అదే ఏడు అక్క పెళ్ళి. రెండూ కలిసి 2 లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. చదువైపోయాక 2012 చివర్లో హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరాను. చేతికి 18 వేలు. ఎస్.ఆర్. నగర్‌లో నలుగురం ఒక గది. మొదటి నెల నుంచీ ఇంటికి 10 వేలు పంపాను.

గదిలో మిగతావాళ్ళు సాయంత్రాలు అమీర్‌పేటలో ఆటోమేషన్ కోర్సుకి వెళ్ళేవారు. దానికి ల్యాప్‌టాప్ కావాలి, 28 వేలు. నేను ఆ సొమ్ముని రూపాయల్లో చూడలేకపోయేవాణ్ణి. అది మాకు రెండెకరాల కౌలు. నాకోసం ఏది కొనబోయినా ఇలాగే కౌలుగానో, అమ్మ మిరపకాయల కూలిగానో మారిపోయేది. నేను నేర్చుకోవడం ఇంటి సొమ్ము తినడంలాగే అనిపించేది.

మూడు ఋణాల మాట విన్నాక దీని గురించి చాలా ఆలోచించాను. తైత్తిరీయ సంహితలో ఉంది: పుట్టినవాడు ఋషులకూ దేవతలకూ పితరులకూ బాకీపడి పుడతాడట. ఋషుల బాకీ తీరేది చదువుతో. అంటే ఆ లెక్కలో చదువు చెల్లింపు కింద వస్తుంది, మా ఇంట్లోనేమో అప్పు కింద వచ్చింది. అయితే ఆ మాట బ్రాహ్మణుణ్ణి గురించి చెప్పింది. మా తాతల దగ్గరికి చదువే రాలేదు, ఇక దాని బాకీ ఎక్కడిది? తరాలుగా చదువున్న ఇంట్లో కుర్రాడు ఎంటెక్‌కి వెళ్తానంటే అది మామూలు సంగతి. మా ఇంట్లో ఇంకో ఏడు చదువుతానంటే ఇంకో ఏడు వడ్డీ కట్టమన్నట్టు.

2014 దసరాకి ఊరెళ్ళాను. అప్పటికి 24 నెలలు పంపాను, 2 లక్షల 40 వేలు. అప్పు తీరి ఉంటుందనో, చివరికొచ్చి ఉంటుందనో నాలో నేను అనుకుంటున్నాను. అన్నం తిన్నాక అడిగాను, “మన అప్పు ఎంతుంది నాన్నా?”

“లెక్కలడిగేవాడివయ్యావా?” అని లేచి గొడ్లసావిడి వైపు వెళ్ళిపోయాడు. అమ్మ నా వంక చూడలేదు. గంటసేపటికి తిరిగొచ్చి, గోడకున్న పాత కేలండర్ తీసి వెనక్కి తిప్పి నా ముందు పెట్టాడు. పెన్సిల్‌తో రాసుకున్న అంకెలు. అప్పు 2 లక్షల 80 వేలు.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి నూటికి 24. రెండు లక్షలకి నెలకి 4 వేలు. నా 10 వేల్లో నాలుగు అటే పోయాయి, అసలులో రూపాయి తగ్గలేదు. ప్రాంసరీ నోటుకి కాలపరిమితి మూడేళ్ళు. అది దాటకముందే షావుకారు కొత్త నోటు రాయించుకుంటాడు, అప్పు మళ్ళీ పసిపిల్లవుతుంది. మిగిలిన 6 వేలు ఇంటి ఖర్చు, మందులు, చదివింపులు. కొడుకు ఇంజనీరయ్యాక చదివింపులు 516 దగ్గర ఆగవు. మరి ఆ పైన 80 వేలు ఎక్కడివి? “నీ కొడుకు సంపాదిస్తున్నాడుగా” అని షావుకారే పిలిచి ఇచ్చాడట. నాన్న ఇంకో రెండెకరాలు కౌలుకి తీసుకున్నాడు, ఆ ఏడు పత్తి దెబ్బతింది. నా జీతం అప్పు తీరుస్తుందని నేననుకున్నాను. ఊళ్ళో అది కొత్త అప్పుకి పూచీ అయింది.

ఆ కేలండర్ చూస్తే భయం వేయాలి. నాకు మాత్రం, చెప్పుకోవడానికి సిగ్గే గాని, కొంచెం హాయిగా అనిపించింది. రెండేళ్ళుగా నేను మోసినదానికి అంకె లేదు. ఎంత పంపినా చాలేది కాదు, ఎందుకంటే ఎంతైతే చాలుతుందో ఎవరికీ తెలీదు. అపరాధభావానికి అసలూ లేదు, గడువూ లేదు. అప్పుకి రెండూ ఉన్నాయి.

తిరిగొచ్చి బ్యాంకులో నా జీతం మీద 2 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాను. 16 శాతం వడ్డీ, నాలుగేళ్ళు, నెలకి దాదాపు 5,670. షావుకారు దగ్గర ఆ 2 లక్షలకి 4 వేలు కడుతూనే ఉండాలి, ఎప్పటికీ తీరదు. దానికి 1,670 కలిపితే 48 నెలల్లో అయిపోతుంది. మిగిలిన 80 వేలకి వడ్డీ 1,600, ఇంటికి 3 వేలు. అంతా కలిపి నేను పంపుతున్న 10 వేలకి దగ్గరే. అప్పటికి జీతం 22 వేలయింది. ల్యాప్‌టాప్ వాయిదాల మీద కొన్నాను. ఆటోమేషన్ నేర్చుకుని తర్వాతి ఏడాది వేరే ఉద్యోగంలో చేరితే జీతం దాదాపు రెట్టింపయింది. ఆ 80 వేలు తీరింది ఆ జీతంతోనే.

ఇది అందరికీ కుదిరే ఉపాయమని అనను. ఉద్యోగం పోతే బ్యాంకు వాయిదా ఆగదు. షావుకారైతే తిట్టి అయినా రెండు నెలలు ఆగుతాడు. కేలండర్ తీసి చూపించని నాన్నలూ ఉంటారు. ఇంటికి 3 వేలే అన్నప్పుడు అమ్మ ఏమీ అనలేదు, అదే కష్టమైంది. మూడు నెలలు ‘ఊరికే చేశా’ అన్న ఫోన్ రాలేదు. ఆ మూడు నెలలూ కొత్త ల్యాప్‌టాప్ గదిలోవాళ్ళకి తప్ప ఎవరికీ చూపించలేదు.

2018 చివర్లో లోను అయిపోయింది. ఆ రాత్రి కేలండర్ లెక్కలు మళ్ళీ గుర్తుచేసుకుంటే ఒక పేరు లేదనిపించింది. ఇంటర్‌లో అక్కకి నాకన్నా ఎక్కువ మార్కులు. ఒక్కరినే పైకి పంపగలిగిన ఇంట్లో నన్ను పంపారు, ఆమెకి పెళ్ళి చేశారు. ఆ పెళ్ళి అప్పు నేను తీర్చానని చాలామంది మెచ్చుకున్నారు కూడా. నేను చదువుకోవడానికి ఆమె మానేసిన చదువు ఏ నోటు మీదా లేదు. ఆ మాట ఆమెతోనే అన్నాను.

“నీ బాకీ ఎవరికి కావాలిరా? దీనికి లెక్కలు రావట్లేదు, చెప్పు” అని ఫోన్ కూతురికిచ్చింది.

అప్పట్నుంచీ ఆదివారం సాయంత్రం ఏడింటికి వీడియో కాల్. పాప తొమ్మిదో తరగతికొచ్చింది. అక్క పక్కనే కూర్చుని వింటుంది, ఒక్కోసారి దానికన్నా ముందే జవాబు చెప్పేస్తుంది. ప్రస్తుతం బహుపదుల దగ్గర ఉన్నాం.