పదహారుకల్లా

2024 జూలై 4, గురువారం. దివిసీమలో ఉండే పెద్దమ్మ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. వెనకాలే ఫోను. "ఏరా, కరెంటాఫీసు వాళ్లు ఇంగ్లీషులో ఏదో కాయితం ఇచ్చిపోయారు. ఏముందో చూసి చెప్పు, నాన్నా. ఎప్పటికల్లా కట్టాలి?"

అప్పుడు విజయవాడలో ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తున్నాను. మీటింగు మధ్యలో ఫోటో పెద్దది చేసి చదివాను. నోటీసు మీద జూలై 1 తేదీ ఉంది. రెండు నెలల బిల్లు, పాత బాకీ కలిపి 3,120 రూపాయలు. దాని కింద ఒకటే పొడుగాటి వాక్యం. ఈ నోటీసు తేదీ నుంచి పదిహేను రోజుల్లో కట్టని పక్షంలో, మరో నోటీసు లేకుండా సరఫరా 'లయబుల్ టు బి డిస్కనెక్టెడ్' అని. ఎక్కడా ఫలానా తేదీ అని లేదు.

పెద్దమ్మ అడిగింది ఒకటే ప్రశ్న. కాయితంలో లేనిది కూడా అదొక్కటే.

వాక్యాన్ని తెలుగు చేయడం కష్టం కాదు. మనకి అచ్చుపోసిన ఆఫీసు తెలుగు ఉంది కదా: "గడువులోగా చెల్లించని యెడల విద్యుత్ సరఫరా నిలిపివేయబడును." చూడ్డానికి ఏ తప్పూ లేదు. కానీ ఇందులో రెండు మోసాలున్నాయి. మొదటిది, 'లయబుల్' అంటే ఆపేసే హక్కు వాళ్లకుంటుందని. 'నిలిపివేయబడును' అంటే ఆపేసి తీరతారని. ఒక అవకాశాన్ని తెలుగు ప్రత్యయం ఖాయం చేసేసింది. పైగా ఆ 'బడు'లో చేసేవాడు కనపడడు, పిడుగు పడినట్టు కరెంటు దానంతటదే పోతుంది. నిజానికి స్తంభమెక్కి తీగ విప్పేది పెద్దమ్మకి పేరు తెలిసిన లైన్‌మనే.

రెండో మోసం 'లోగా'. ప్రోగ్రాములు రాసేవాళ్లకి ఈ గోతితో రోజూ పనే. షరతులో 'చిన్నది' అని రాశామా, 'చిన్నది లేక సమానం' అని రాశామా? తేడా ఒక్క రోజే, బయటపడేది మాత్రం సరిగ్గా ఆ ఆఖరి రోజున. "16లోగా" అంటే పదహారో తారీకున కడితే చెల్లుతుందా, పదిహేనుతోనే సరా? మా ఆఫీసులో నలుగురిని అడిగితే ఇద్దరు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. 'లోపు' కూడా అంతే. పెద్దమ్మ వాడిన 'కల్లా' కాస్త నయం, పదహారుకల్లా అంటే పదహారు కూడా ఉన్నట్టే వినిపిస్తుంది. అయినా సందేహమే లేకుండా చెప్పాలంటే ఒక్క ప్రత్యయం చాలదు, ఇంకో వాక్యం కావాలి: "పదహారున కట్టినా చెల్లుతుంది."

ఇంతకీ పదహారు ఎక్కడిది? ఒకటో తారీకుని వదిలేసి రెండు నుంచి లెక్కపెడితే పదిహేనో రోజు జూలై 16, మంగళవారం. ఇది కాయితం లెక్క. చట్టం లెక్క వేరు. 2003 విద్యుత్ చట్టంలో 56వ సెక్షను ప్రకారం, బకాయి పేరుతో కరెంటు తీసేముందు రాతపూర్వకంగా కనీసం పదిహేను 'క్లియర్' రోజుల నోటీసివ్వాలి. అంటే నోటీసు ఇచ్చిన రోజునీ, కరెంటు తీసే రోజునీ వదిలేసి, మధ్యలో నిండుగా పదిహేను రోజులుండాలి. పెద్దమ్మ చేతికి కాయితం అందింది నాలుగున. అయిదు నుంచి పంతొమ్మిది దాకా పదిహేను రోజులు. ఆ లెక్కన 20కి ముందు తీగ ముట్టుకోకూడదు.

ఇప్పుడు నా దగ్గర రెండు తేదీలున్నాయి. నేను ఆమెకి చెప్పింది మూడోది.

"పన్నెండులోపు కట్టెయ్, పెద్దమ్మా."

ఎందుకలా చెప్పానంటే, భద్రం కోసం. ఆమె ఒక రోజు మర్చిపోవచ్చు, ఆఫీసులో సర్వర్ డౌన్ అనొచ్చు. గోడ గడియారాన్ని పది నిమిషాలు ముందుకి తిప్పిపెట్టే ఇళ్లలో పెరిగినవాణ్ణి. పైగా ఆ క్షణానికి అది అబద్ధంలా అనిపించలేదు, ప్రేమలాగే అనిపించింది.

పదకొండో తారీకున ఆమె చెవికమ్మలు తాకట్టు పెట్టి మూడు వేలు తెచ్చింది. నూటికి నెలకి మూడు రూపాయల వడ్డీ. నాలుగు రోజులకే విడిపించినా నెల వడ్డీ కట్టాల్సిందే, అంటే తొంభై రూపాయలు. ఈ సంగతి నాకు ఆ తర్వాతి వారం తెలిసింది, అదీ మాటల్లో మాటగా. "పదిహేనున పాల డబ్బులొస్తాయి గదా, పన్నెండన్నావని ఆగలేదురా."

పాల డబ్బులు పదిహేనున వస్తాయి. గడువు పదహారు. కాయితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పుంటే ఆమె లెక్క ఆమె వేసుకునేది. నా కంటే బాగా వేసుకునేది.

తొంభై రూపాయలు నేనిచ్చెయ్యగలను. ఇస్తానంటే ఆమె నవ్వి ఊరుకుంది. కానీ విషయం తొంభై రూపాయలది కాదు. గడువంటే బెదిరింపుకి తగిలించిన ఒక తేదీ మాత్రమే అనుకున్నాను. అవతలి మనిషికి అది చేతిలో ఉన్న కాలం. పన్నెండు అని చెప్పి ఆమె కాలంలోంచి నాలుగు రోజులు తీసేసుకున్నాను, అది కూడా ఆమె మంచికే అనుకుంటూ.

2022 ప్రాంతంలో చాలామంది ఫోన్లకి ఒక మెసేజీ వచ్చేది, గుర్తుందా? పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకి మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి అని. దొంగ మెసేజీ. అయినా స్పష్టతలో దాన్ని మించిన నోటీసు నేను చూళ్లేదు, గంటా నిమిషాలతో సహా చెబుతుంది. దొంగకి తెలిసిన రహస్యమల్లా గడువు దగ్గరికి జరిపితే మనిషి ఆలోచించడని. నా పన్నెండో తారీకు కూడా ఆ పనే చేసింది. ఉద్దేశం వేరు, అంతే. 'కనీసం పదిహేను రోజులు' అన్న చట్టం మాట తెలిసినవాళ్లు 'ఈ రాత్రి' అని చదవగానే అది దొంగదని పట్టేస్తారు. అంటే అసలు గడువు తెలియడం ఒక రక్షణ కూడా.

మరి 'పందొమ్మిది దాకా పర్లేదు' అని చెప్పాల్సిందా? అదీ సరికాదు. చట్టం ఆమె పక్షానే ఉన్నా, పదిహేడున ఎవరైనా వచ్చి తీగ విప్పితే చీకట్లో కూర్చునేది ఆమె. నా వాదన గెలిచేసరికి పాలు విరిగిపోతాయి. అనువాదకుడు తన లెక్కని కాయితం మాటగా చెప్పకూడదు, అలాగని దాచెయ్యనూ కూడదు. రెండింటి మధ్యా ఒక గీత గియ్యాలి.

ఆలస్యంగానైనా, ఆ రోజు పంపాల్సిన మెసేజీ ఇప్పుడు రాసుకున్నాను:

"పెద్దమ్మా, 3,120 రూపాయలు బాకీ ఉందని రాశారు. కట్టడానికి ఆఖరి రోజు జూలై 16, మంగళవారం. ఆ రోజు కౌంటరు మూసేలోపల కట్టినా చెల్లుతుంది. అప్పటికీ కట్టకపోతే, మళ్లీ చెప్పకుండానే కరెంటు తీసెయ్యొచ్చని రాశారు. తేదీ వాళ్లు వెయ్యలేదు, వాళ్లు చెప్పిన పదిహేను రోజుల్ని నేను లెక్కపెట్టాను.

కాయితంలో ఉన్నది ఇంతే. ఇక నా మాట: నీకు కాయితం అందింది నాలుగున కాబట్టి, చట్టం ప్రకారం 20కి ముందు తియ్యకూడదు. కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకు. పదహారుకల్లా కట్టెయ్."

ఆమెకి చదివి వినిపించాను. అంతా విని, "ఇందులో పన్నెండు లేదేరా?" అంది.

లేదు, పెద్దమ్మా. అప్పుడూ లేదు.