ఒక్క వచనం సరిపోతుందా?

ఈసారి మన గ్రంథం కాదు, మా ఎదురింటి వాళ్ల గ్రంథం గురించి మాట్లాడుకుందాం. ప్రశ్న మాత్రం మనదీ, వాళ్లదీ కూడా.

మా అపార్ట్‌మెంట్‌లో ఎదురు ఫ్లాట్ ఆంటీ వాళ్లు క్రిస్టియన్స్. నెలకోసారి చర్చి నుంచి ఒక చిన్న పత్రిక వస్తుంది. మొదటి పేజీలో పాస్టర్ గారి మాట ఉంటుంది. ఒక వచనం, దాని మీద రెండు మూడు పేరాలు, అంతే. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు చదివేయొచ్చు. ఆంటీ దాన్ని మాగ్నెట్ పెట్టి ఫ్రిజ్‌కి అంటిస్తారు.

అదే ఫ్రిజ్ మీద డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వచ్చిన వాగ్దాన కార్డు కూడా ఉంది. యిర్మీయా 29:11. దేవుడు మీ మేలే ఆలోచిస్తున్నాడు, మీ ముందు రోజులకు ఆశ ఉంది అని దాని భావం. ఆంటీ వాళ్లబ్బాయికి ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైంది. ప్రతి ఇంటర్వ్యూ రోజూ ఆవిడ ఆ కార్డు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. సెలెక్ట్ కాని ప్రతిసారీ, "నా విశ్వాసంలోనే ఏదో లోపం ఉంది బాబూ" అంటారు. అది విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. ఒక వాక్యాన్ని కత్తిరించి చేతిలో పెట్టి, మనిషిని ఇలా తన మీద తననే అనుమానపడేలా చెయ్యడం న్యాయమేనా?

జూన్ పత్రికలో పాస్టర్ గారు సరిగ్గా ఆ వచనమే తీసుకున్నారు. కాకపోతే దాని ముందున్న పదో వచనంతో కలిపి. అది చూసి నేను ఆ అధ్యాయం మొత్తం చదివాను.

అదొక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని, రాజుని, పెద్దల్ని, చేతిపనివాళ్లని చెరపట్టుకుపోయాడు. వాళ్లకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం అది. ముందు అధ్యాయంలో హనన్యా అనే ఇంకో ప్రవక్త, రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని చెప్పాడు. అందరికీ నచ్చే మాట. యిర్మీయా మాత్రం 70 ఏళ్లు అన్నాడు. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకి పెళ్లిళ్లు చెయ్యండి, మీరు బందీలుగా ఉన్న ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థించండి అన్నాడు. ఆ తర్వాతే ఆ మేలు మాట వస్తుంది.

అంటే ఆ ఉత్తరం విన్న ముప్పై ఏళ్ల మనిషి తిరుగు ప్రయాణం చూడడు. వాళ్ల మనవలు చూస్తారు. ఇంకొకటి, మన తెలుగులో "మీరు" అంటే గౌరవంగా ఒక్కరినీ అనొచ్చు, అందరినీ కలిపీ అనొచ్చు. హీబ్రూలో అక్కడున్నది బహువచనమే. ఆ మాట ఒక జనానికి ఇచ్చింది, ఒకరి ఆఫర్ లెటర్‌కి ఇచ్చింది కాదు.

పాస్టర్ గారు పత్రికలో ఇదంతా రాయలేదు. రాసుంటే ఆంటీ చదివేవారూ కాదు. ఆయన రాసింది ఒక్కటే: ఎదురుచూపు ఎంత పొడవుందో చూసి మీ విశ్వాసాన్ని కొలవకండి, ఈ నెల మీకు ఇష్టంలేని చోటే ఒక మొక్క నాటండి.

ఆయన వాళ్లింటికి ప్రార్థనకి వచ్చినప్పుడు, ఇంత చిన్నగా ఎలా రాస్తారండీ అని అడిగాను. "ముందు అధ్యాయం అంతా చదువుతాను బాబూ. ఎవరు, ఎవరితో, ఏ కష్టంలో అన్నారో చూస్తాను. రాశాక పక్క వచనాలు నా మాటకి ఒప్పుకుంటాయా అని చూస్తాను. ఒప్పుకోకపోతే చింపేస్తాను. చివరగా, ఈ నెల చావు జరిగిన ఇంట్లో కూర్చుని ఇది గట్టిగా చదవగలనా అనుకుంటాను" అన్నారు.

ఇంటికొచ్చాక మన గీతలోని 2.47 గుర్తొచ్చింది. కర్మ చెయ్యి, ఫలం మీద అధికారం లేదు అన్నంతవరకే మనం వాడుకుంటాం. పరీక్ష పోతే, "ఫలితం మన చేతిలో లేదులే" అని ఊరుకుంటాం. ఆ శ్లోకం చివరి పాదం మాత్రం పని మానెయ్యడం మీద మక్కువ పెంచుకోవద్దంటుంది. అది కత్తిరించేస్తే శ్లోకం మన బద్ధకానికి సాకైపోతుంది.

కాబట్టి నాకు తేలిందేంటంటే, తీరికలేని ఇంటికి ఒక్క వచనం ఇవ్వడం తప్పు కాదు. కానీ ఇచ్చేవాళ్లు మొత్తం చదివుండాలి. తీసుకునేవాళ్లం కనీసం ముందొకటి, వెనకొకటి చదవాలి. వచనం మనకి నచ్చిన మాటే చెప్తున్నప్పుడు మరీ చదవాలి.

ఆంటీ వాళ్లబ్బాయికి ఉద్యోగం ఇంకా రాలేదు. బాల్కనీలో మాత్రం కరివేపాకు మొక్క వచ్చింది. ఫ్రిజ్ మీద కార్డు అలాగే ఉంది. 11 పక్కన ఆంటీ పెన్నుతో 10 అని రాసుకున్నారు.