ఇద్దరి సమయాలు మారితే

ఒక సాహిత్య సదస్సు అనుకోండి. ఉదయం 11 గంటలకు కథపై ఒకరు, మధ్యాహ్నం 3 గంటలకు నాటకంపై ఇంకొకరు మాట్లాడాలి. కథ గురించి మాట్లాడాల్సిన వక్త రైలు ఆలస్యమైంది. ఇద్దరి సమయాలూ మార్చాలి.

ముందు ఫోన్ చేయాల్సింది నాటక వక్తకు. ఆయన ఉదయానికి సిద్ధంగా ఉన్నారా అని అడగాలి. ఆయన సరేనన్నాక కథ వక్తను, ఆ తర్వాత రెండు సమావేశాల అధ్యక్షులనూ అడగాలి. నలుగురూ ఒప్పుకునే వరకు సభలో ఎవరికీ చెప్పకూడదు. సగం ఖాయమైన కబురు బయటికి వెళితే, దాన్ని వెనక్కి తీసుకోవడం మరింత కష్టం.

ప్రకటనలో "ఇద్దరి సమయాలు తారుమారయ్యాయి" అంటే చాలదు. పాత పట్టిక గుర్తులేనివారికి అది అర్థం కాదు. "నాటకంపై ప్రసంగం ఉదయం 11కు, కథపై ప్రసంగం మధ్యాహ్నం 3కు, రెండూ పెద్ద హాలులోనే; మిగతా కార్యక్రమం యథాతథం" అని పూర్తిగా చెప్పాలి. అదే వాక్యం వేదిక మీదా, తలుపు దగ్గర కాగితం మీదా, వాట్సాప్‌లోనూ ఉండాలి. పాత కాగితాలు తీసేయాలి.

ఒక్క ప్రసంగం కోసమే మధ్యాహ్నం బయల్దేరేవారు ఉంటారు. వేదిక మీది ప్రకటన వారికి వినపడదు. అందుకే నిర్వాహకులారా, ఇంటి దగ్గరున్నవారికి ముందు సందేశం పంపండి.